కళ్ళజోడు స్క్రూ గాడి అరిగిపోతే టేపు ముక్కతో ఎలా తీయాలి?

[బల్ల మీద తెల్ల తువ్వాలు, దాని మీద కళ్ళజోడు. కుడి కాడ వదులుగా వేలాడుతోంది.]

ఇది మా నాన్నగారిది. కాడ వదులైందని వంటింటి చాకు మొనతో బిగించబోయారు. చాకు జారిన ప్రతిసారీ గాడి కొంచెం అరిగింది.

[బాగా దగ్గరగా: స్క్రూ తల.]

గాడి రెండు చివరల్లోనూ ఒక్కో పక్క గోడ వాలిపోయింది, చూశారా? అవి బిగించేటప్పుడు డ్రైవర్ ఆనే పక్కలు. విప్పేటప్పుడు ఆనేది వాటి ఎదురు గోడలకి. అవింకా సగం బతికున్నాయి, మనకి అది చాలు.

ముందు కీలును తిప్పి అడుగు చూడండి. స్క్రూ కొస కొట్టి నలిపినట్టు ఉంటే పైనుంచి ఎంత తిప్పినా రాదు. ఆ కొసను సన్న ఆకురాయితో అరగదీయాలి. మనది మామూలుగానే ఉంది. కాకపోతే చెమటకి పచ్చగా చిలుము పట్టింది.

[సూది మొన మీద నూనె బొట్టు.]

కుట్టుమిషను నూనె ఇలా ఒక్క బొట్టు అడుగు నుంచి పెట్టి, అరగంట వదిలేయండి. తర్వాత స్క్రూ తలని శుభ్రంగా తుడవండి. జిడ్డుంటే టేపు జారుతుంది.

అద్దాలకి మెత్తని గుడ్డ చుట్టాను. కాడ సగం తెరిచి, కీలు అడుగు చెక్క ముక్క మీద ఆనేలా పెట్టి, ఫ్రేమును టేపుతో చెక్కకి కట్టేశాను. కాడ బరువు స్క్రూ మీద పడకూడదు.

[కరెంటు టేపు ముక్క.]

ఇప్పుడు కరెంటు టేపు ఒక్క పొర తల మీద అంటించండి. రెండు పొరలేస్తే డ్రైవర్ గాడిలోకి దిగదు. గాడి పొడవుకి సరిపోయే చిన్న డ్రైవర్ తీసుకుని నిటారుగా నొక్కండి. మెత్తని టేపు అరిగిన సందులో కూరుకుంటుంది. బలమంతా నొక్కడానికే. తిప్పడం ఎడమవైపుకి, వెంట్రుకవాసి చొప్పున. రెండో చేత్తో కాడను కొద్దిగా కదిలిస్తూ ఉండండి.

చేతికి పిండిలో తిప్పినట్టు అనిపిస్తే టేపు చిరిగినట్టే. ఆపి, ముక్క మార్చండి. ప్రతిసారీ టేపు ఎత్తి గాడి ఎటు చూస్తోందో గమనించండి. మొదట అద్దం వైపు ఉండేది. నాలుగో ముక్కకి...

[దగ్గరగా: గాడి పక్కకి తిరిగింది.]

కదిలింది! ఇక్కడే తొందరపడి చాలామంది స్క్రూను పోగొట్టుకుంటారు. పక్కన టేపు ఒకటి జిగురు పైకి ఉండేలా పరిచి, పట్టకారుతో తీసి దాని మీద పెట్టండి.

ఏడెనిమిది ముక్కలు మార్చినా గాడి కదలకపోతే ఆపేయండి. కళ్ళజోళ్ళ షాపులో కొత్త గాడి కోస్తారు, లేదంటే డ్రిల్ చేసి తీస్తారు. సూపర్ గ్లూ జోలికి మాత్రం వెళ్ళకండి. అది కీలులోకి కారితే కాడ కూడా బిగుసుకుపోతుంది. స్ప్రింగు కాడ అయితే అసలు మొదలుపెట్టకండి. స్క్రూ వచ్చినా, మళ్ళీ రంధ్రాలు కలపడం ఇంట్లో కష్టం.

[టేపు మీద పాత స్క్రూ.]

ఈ స్క్రూను మళ్ళీ వాడొద్దు. టేపుతో సహా షాపుకి తీసుకెళ్ళి, మందం, పొడవు సరిచూసి కొత్తది తెచ్చుకోండి.