టాబ్లెట్ ముందా, పేషెంటు ముందా? జర్మన్ వాక్యం నడుమ మాటల వరస

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది జర్మనీలో నర్సులుగా చేరడానికి సిద్ధమవుతున్నారు. అందుకే ఇవాళంతా ఒక్క పేషెంటు, ఒక్క టాబ్లెట్‌తోనే మాట్లాడతాను.

"పేషెంటుకి టాబ్లెట్ ఇచ్చాను." దీన్ని జర్మన్‌లో "ఇష్ హాబె డేమ్ పాట్సియెంటెన్ డీ టాబ్లెట్టె గెగేబెన్" అంటాం. క్రియ రెండు ముక్కలైంది చూడండి. 'హాబె' రెండో స్థానంలో ఉంది, 'గెగేబెన్' చివరికి పోయింది. ఆ రెండూ రెండు గట్లనుకుంటే, మధ్యలో ఉన్నది మిట్టెల్‌ఫెల్డ్, అంటే నడిమి పొలం. మన గొడవంతా ఆ పొలంలోనే.

'డేమ్ పాట్సియెంటెన్' అంటే పేషెంటుకి, అది డాటివ్. 'డీ టాబ్లెట్టె' అకుజాటివ్. రెండూ నామవాచకాలైతే డాటివ్ ముందు, అకుజాటివ్ తర్వాత. తెలుగులోనూ మామూలుగా ఇదే వరస కాబట్టి ఇక్కడ మనకి కష్టమేమీ లేదు. పుచ్చుకునేది సాధారణంగా మనిషి, ఇచ్చేది వస్తువు. మనిషి ముందుకి రావడం జర్మన్‌కీ సహజమే.

ఇప్పుడు డ్యూటీ మారే సమయం అనుకోండి. వచ్చిన నర్సు అడుగుతుంది, పేషెంటుకి ఆ టాబ్లెట్ ఇచ్చారా అని. మనం తెలుగులో "ఇచ్చేశాను" అంటే చాలు. 'ఆయనకి', 'దాన్ని' అనే మాటలు చెప్పక్కర్లేదు. జర్మన్‌లో పూర్తి వాక్యం చెప్పాలంటే ఆ రెండు సర్వనామాలూ ఉండాలి. పైగా వరస తిరగబడుతుంది: "ఇష్ హాబె జీ ఈమ్ గెగేబెన్." 'జీ' అంటే టాబ్లెట్, 'ఈమ్' అంటే ఆయనకి. అంటే రెండూ సర్వనామాలైతే అకుజాటివ్ ముందు. మన పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నా క్లాసులో ఒకమ్మాయి నెలలపాటు "ఈమ్ జీ" అనే అంది. ఆ అమ్మాయి నేర్చుకున్న సూత్రం తప్పు కాదు, దాన్ని వాడిన చోటే తప్పు.

ఒకటి సర్వనామం, ఇంకొకటి నామవాచకం అయితే సర్వనామమే ముందు, విభక్తి ఏదైనా సరే. "ఇష్ హాబె జీ డేమ్ పాట్సియెంటెన్ గెగేబెన్", "ఇష్ హాబె ఈమ్ డీ టాబ్లెట్టె గెగేబెన్." సర్వనామం చిన్నది, ఎదుటివాళ్లకి ముందే తెలిసినది. తెలిసినది ఎడమవైపుకి జరుగుతుంది, కొత్త సంగతి చివరి క్రియకి దగ్గరగా వస్తుంది.

ఇది పట్టుకుంటే, నామవాచకాల వరస ఎప్పుడు మారుతుందో కూడా తెలుస్తుంది. యూర్గెన్ లెనెర్ట్స్ అనే భాషావేత్త 1977లో దీన్ని ప్రశ్నలతో పరీక్షించి చూపించారు. మన టాబ్లెట్‌తో చేద్దాం. "టాబ్లెట్ ఎవరికిచ్చావు?" అని అడిగితే కొత్త సంగతి పేషెంటు. అప్పుడు "డీ టాబ్లెట్టె డేమ్ పాట్సియెంటెన్" అనొచ్చు, మామూలు వరసా చెల్లుతుంది. "పేషెంటుకి ఏమిచ్చావు?" అని అడిగితే మాత్రం టాబ్లెట్‌ని ముందు పెడితే జర్మన్ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అంటే మామూలు వరస రెండు ప్రశ్నలకీ సరిపోతుంది, తిప్పిన వరస ఒక్కదానికే. అనుమానం వస్తే మీరు రాసిన వాక్యం ఏ ప్రశ్నకి జవాబో అడిగి చూసుకోండి. తెలుగులోనూ "టాబ్లెట్ పేషెంటుకిచ్చాను" అన్నప్పుడు 'పేషెంటుకి' అన్న మాటే కదా పలుకుతుంది!

ఇక టైము చెప్పే మాటలు ఎక్కడ పెట్టాలి? 'ఉమ్ ఆఖ్ట్ ఊర్' అంటే ఎనిమిదింటికి. ఈ రెండు వాక్యాలూ వినండి.

"ఇష్ హాబె డేమ్ పాట్సియెంటెన్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ ఐనె టాబ్లెట్టె గెగేబెన్."

"ఇష్ హాబె డేమ్ పాట్సియెంటెన్ డీ టాబ్లెట్టె ఉమ్ ఆఖ్ట్ ఊర్ గెగేబెన్."

మొదటిదాంట్లో 'ఐనె టాబ్లెట్టె', ఏదో ఒక టాబ్లెట్. కొత్త సంగతి కాబట్టి టైము దాటి కుడివైపుకి వచ్చింది. రెండోదాంట్లో ఇద్దరికీ తెలిసిన టాబ్లెట్, అది టైముకి ఎడమవైపే ఆగింది. ఇక్కడ చెప్పదలచుకున్నది ఎనిమిదింటికి అన్న సంగతి. మందు ఎప్పుడు పడిందో తెలియాల్సిన వార్డులో ఈ తేడా చిన్నది కాదు.

చాలా క్లాసుల్లో ఎప్పుడు, ఎందుకు, ఎలా, ఎక్కడ అనే వరస బట్టీ పట్టిస్తారు. "ఇష్ బిన్ హొయ్‌టె మిట్ డేమ్ బుస్ ఇన్స్ క్రాంకెన్‌హౌస్ గెఫారెన్", ఇవాళ బస్సులో హాస్పిటల్‌కి వెళ్లాను. ఇలాంటి వాక్యాలకి అది బాగా పనికొస్తుంది. కానీ టాబ్లెట్ ఎక్కడ పెట్టాలో అది చెప్పదు.

చివరిగా ఒక్క క్రియ చెప్తాను: ఔస్‌జెట్సెన్, అంటే ప్రమాదం లాంటిదానికి గురిచేయడం. "ఇష్ హాబె డేన్ పాట్సియెంటెన్ కైనెర్ గెఫార్ ఔస్‌గెజెట్స్ట్", పేషెంటుని ఏ ప్రమాదానికీ గురిచేయలేదు. ఇక్కడ నామవాచకాలే అయినా అకుజాటివ్ ముందుంది, మామూలు వరసే అది. ఈసారి అకుజాటివ్‌లో ఉన్నది మనిషి, డాటివ్‌లో ఉన్నది ప్రమాదం. ఇలాంటి క్రియలు కొన్నే ఉన్నాయి, ఎదురైనప్పుడల్లా వాక్యంతో సహా రాసి పెట్టుకోండి.