అడ్వాన్స్ వేసేముందు ఆ స్థలం పాత బొమ్మ తీసి చూడండి

"అన్నా, తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. తిరుచానూరు వైపు ఒక ఫ్లాట్ ఫోటోల్లో చూశాం, నచ్చింది. ఓనర్ ఈ వారంలోనే అడ్వాన్స్ వేసేయమంటున్నారు. మేముండేది విశాఖలో, వచ్చి చూసే వీల్లేదు. వానలకు అక్కడ నీళ్లు నిలబడతాయో లేదో మ్యాప్‌లో చూసి తెలుసుకోవచ్చా?"

చాలావరకు తెలుసుకోవచ్చమ్మా. కాకపోతే ఇవాళ్టి శాటిలైట్ బొమ్మ ఒక్కటే చూస్తే తెలీదు. పాత బొమ్మలు తీయాలి, అందులోనూ సరైన నెలవి తీయాలి. ఆ చెల్లెలు పంపిన లొకేషన్ పెట్టుకునే ఇవాళ చూద్దాం. ఒకరి ఇల్లు కాబట్టి వీధి పేరు చెప్పను.

ముందు తిరుపతి వాలు సంగతి. ఉత్తరాన కొండ, దక్షిణాన, తూర్పున స్వర్ణముఖి. కొండ మీద పడ్డ నీళ్లు ఊరి మీదుగా ఏటి వైపు దిగాల్సిందే. ఒకప్పుడు మధ్యలో చెరువులు, కుంటలు, వంకలు ఆ నీళ్లను పట్టి, కిందికి వదిలేవి. వాటిలో కొన్నిటి చుట్టూ, కొన్నిటి మీద కూడా ఇప్పుడు ఇళ్లున్నాయి. 2021 నవంబర్‌లో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు గుర్తుంటుంది. పల్లపు కాలనీలు మునిగాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. అందుకే ఇక్కడ బాడుగ ఇల్లు చూసేవాళ్లు హాల్ ఎంత, కిచెన్ ఎంత అని అడిగే ముందు నీటి దారి ఎటు అని చూడాలంటాను.

మొదట పిన్ సరైందో కాదో చూసుకోండి. ఓనర్లు చాలాసార్లు మెయిన్ రోడ్డు మీది లొకేషన్ పంపేస్తారు. బాల్కనీ ఫోటోలో ఎదురుగా ఏముందో చూడండి. ఈ ఫ్లాట్ ఫోటోలో ఎదురు మిద్దె మీద రెండు నల్ల నీళ్ల ట్యాంకులు, పక్కన ఖాళీ ప్లాటు, దాని మూలన ఒక కొబ్బరిచెట్టు ఉన్నాయి. శాటిలైట్ బొమ్మలో ఆ మూడూ ఒకేచోట కలిసింది పిన్ ఉన్నచోట కాదు, రెండు వీధులు దక్షిణానికి. అంటే ఇంకా పల్లానికి. పిన్‌ను నమ్ముకుని ఉంటే తప్పుడు ఇంటిని పరీక్ష చేసేవాళ్లం.

ఇప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరవండి, అది ఉచితమే. పైన గడియారం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే స్లైడర్ వస్తుంది, వెనక్కి జరుపుకుంటూ పోవడమే. మరీ పాతవాటికి పోతే మసకగా ఉంటాయి, ఇంటి స్థాయిలో పనికిరావు. స్పష్టంగా ఉన్నవాటిలో తేదీ చదవండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మనకు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. ఆ రోజుల్లో మబ్బు కమ్ముకుని ఉంటుంది కాబట్టి మంచి బొమ్మలు తక్కువ. దొరికేవి ఎక్కువగా ఎండాకాలానివి. మే నెల బొమ్మలో కుంట కూడా క్రికెట్ ఆడుకునే మైదానంలాగే కనిపిస్తుంది. కాబట్టి డిసెంబర్ చివర, జనవరి, ఫిబ్రవరి బొమ్మల కోసం వెతకండి. వానలు వెనకపట్టి, నేలలో తడి మిగిలుండే రోజులవి.

ఈ చోట ఇవాళ్టి బొమ్మ చూస్తే ముచ్చటగా ఉంది. గీత గీసినట్టు రోడ్లు, చతురస్రపు ప్లాట్లు. ఒక్కటే తేడా. అన్ని గోడలూ రోడ్డుకు సమాంతరంగా ఉంటే, ఒక కాంపౌండ్ గోడ మాత్రం ఏటవాలుగా పోతోంది. ఎందుకలా కట్టారు? లేఔట్ వేయకముందు తీసిన జనవరి బొమ్మకు పోతే జవాబు దొరికింది. వాయవ్యం నుంచి కంపచెట్ల వరస ఒకటి వంకరలు తిరుగుతూ వస్తోంది, ఇప్పుడు ఫ్లాట్లున్న చోట వెడల్పై పచ్చటి మడుగులా మారింది. ఏటవాలు గోడ సరిగ్గా దాని ఒడ్డు మీద ఉంది. అదే ఏడు మే నెల బొమ్మలో మడుగు జాడే లేదు, వట్టి మట్టినేల.

మళ్లీ ఇప్పటి బొమ్మకు రండి. ఆ కంపచెట్ల వరస లేఔట్ గోడ దాకా వచ్చి ఆగిపోతోంది. అవతలి గోడ దాటాక మళ్లీ మొదలై ఏటి వైపు పోతోంది. వంక లోపలికి వస్తోంది, బయటికి పోతోంది, మధ్యలో ఇళ్లున్నాయి. రోడ్డు కింద తూములు వేసి ఉండొచ్చు, పక్కన కాలువ తిప్పి ఉండొచ్చు. ఆ సంగతి పైనుంచి తెలీదు. మన చెల్లెలు చూసిన బ్లాక్ ఆ ఏటవాలు గోడ నుంచి రెండోది.

ఎత్తు కూడా చూడొచ్చు. కొండ వైపు నుంచి ఫ్లాట్ మీదుగా ఏటి దాకా పాత్ గీసి, దాని మీద రైట్ క్లిక్ చేసి Show Elevation Profile నొక్కితే వాలు వస్తుంది. కానీ ఈ ఎత్తు లెక్కల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. "మా ఇల్లు పక్కింటికంటే మీటరు ఎత్తులో ఉంది" అని దీన్ని చూసి మాత్రం అనుకోవద్దు. నీళ్లు మొత్తం మీద ఎటు దిగుతాయో తెలుసుకోవడానికే వాడండి.

తర్వాత వీధిలోకి దిగుదాం. గూగుల్ మ్యాప్స్‌లో పసుపు బొమ్మను లాగితే స్ట్రీట్ వ్యూ ఉన్న రోడ్లు నీలంగా కనిపిస్తాయి. మీ సందు నీలంగా లేకపోయినా పోయేదేమీ లేదు, ఓనర్‌ను గేటు నుంచి వీధి చివరిదాకా నడుస్తూ వీడియో తీయమనండి. ఈ వీధికి మాత్రం దొరికింది. తీసిన నెల, సంవత్సరం కూడా పక్కనే రాసి ఉంటాయి, చూసుకోండి.

ఇక్కడ గేటు దగ్గర ఆగండి. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ గేటు కిందికి పోయింది. సెల్లార్ పార్కింగ్‌కు దిగే వాలు సరాసరి రోడ్డు నుంచే మొదలవుతోంది, నీటిని ఆపే చిన్న గట్టు కూడా లేదు. పక్కింటి గేటు అడుగున చూడండి. రెండు వరసల ఇటుకలు అడ్డంగా పెట్టి సిమెంటు పూశారు. స్కూటర్ ఎక్కించడానికి ఇబ్బంది అయినా సరే అలా కట్టుకున్నారంటే, లోపలికి నీళ్లు వచ్చాకే కట్టుకుని ఉంటారని నా అనుమానం. గోడ మీద మోకాలెత్తులో ఒకే మట్టంలో మరక కూడా ఉంది. ఒక్క గోడకైతే చెమ్మ అనుకోవచ్చు, మూడిళ్లకు అదే ఎత్తులో ఉంటే అది నీటి మట్టం. ఇక్కడ మూడిళ్లకూ ఉంది.

బొమ్మలు చెప్పలేనిది ఒకటుంది. ఆ తర్వాత కొత్త కాలువ కట్టారా, ఉన్న కాలువ పూడిపోయిందా అన్నది. దానికి మనిషినే అడగాలి. మ్యాప్‌లో ఆ వీధి చిల్లర అంగడి నంబరుంటే ఫోన్ చేయండి. "నీళ్లొస్తాయా" అని అడిగితే "అబ్బే, ఏం రావు" అనేస్తారు. "2021 నవంబర్ వానల్లో నీళ్లు మీ అంగడి ఎన్నో మెట్టు దాకా వచ్చాయన్నా?" అని అడగండి, చెప్తారు.

ఇక చెల్లెలికి నా మాట. మీది రెండో అంతస్తు కాబట్టి ఇంట్లోకి నీళ్లు రావు. భయమల్లా సెల్లార్ గురించే. కరెంటు మీటర్లు, నీళ్ల మోటారు, లిఫ్ట్ ప్యానెల్ అక్కడే ఉంటే ఒక్క రాత్రి వానకు కరెంటు, నీళ్లు రెండూ పోతాయి, బండి మునుగుతుంది. ఓనర్‌ను ఆ మూడూ ఎక్కడున్నాయో ఫోటో తీసి పంపమనండి. పైన ఉంటే, బండి పెట్టుకోవడానికి గ్రౌండ్ మట్టంలో చోటిస్తే, అప్పుడు అడ్వాన్స్ మాట్లాడండి. సెల్లార్‌లోనే ఉంటే ఆ ఫ్లాట్ వదిలేసి, అదే బాడుగకు కొండ వైపు ఇంకొకటి వెతకండి. లొకేషన్ దొరగ్గానే పంపండి, దానికీ పాత బొమ్మలు తీసి చూద్దాం.