పాస్‌పోర్ట్ ఫీజు ₹1500, ఏజెంట్ బిల్లు ₹4500: మధ్యలో మూడు వేలు దేనికి?

[తెర మీద: ఒక విజిటింగ్ కార్డు వెనకవైపు పెన్నుతో రాసిన నాలుగు అంకెలు]

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ లెక్కను ముందు ఒకసారి చూడండి. ఫీజు 2000. స్లాట్ 700. పోలీస్ 1000. ఫామ్, ఫోటోలు 800. మొత్తం 4500.

కంచిలి వైపు ఒక కుర్రాడు, ఐటీఐ చేసి వెల్డింగ్ పని నేర్చుకున్నాడు, గల్ఫ్ వెళ్దామని మొదటిసారి పాస్‌పోర్ట్‌కి పెడుతున్నాడు అనుకుందాం. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్తే, "నాలుగున్నర వేలు అవుతాది తమ్ముడూ, అన్నీ మేమే చూసుకుంటాం" అని ఈ కార్డు రాసిచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఎక్కడికెళ్లినా ఇంచుమించు ఇలాంటి కార్డే చేతిలో పెడతారు, అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి అంతే. దీన్ని పై నుంచి కిందికి ఒక్కో లైనూ విప్పుదాం.

[తెర మీద: "ఫీజు 2000" చుట్టూ ఎర్ర గీత]

పెద్దవాళ్లకు కొత్త పాస్‌పోర్ట్, 36 పేజీలది, పదేళ్లు చెల్లేది, ప్రభుత్వ ఫీజు ₹1500. మరి 2000 అని ఎందుకు రాశారు? ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. 60 పేజీల పుస్తకానికి ఫీజు నిజంగానే ₹2000. మీరు గట్టిగా అడిగితే ఫీజుల పట్టికలో ఆ లైను తీసి చూపిస్తారు. పట్టిక నిజమే. కానీ కట్టేది మాత్రం 36 పేజీలకే, 1500. 60 పేజీలు కావాల్సింది నెలకోసారి విమానం ఎక్కే వ్యాపారస్తులకు. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లే వెల్డర్‌కి 36 పేజీలు ఎక్కువే.

దీన్ని పట్టుకోవడానికి ఎవరితోనూ వాదించక్కర్లేదు. డబ్బు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాక వెబ్‌సైటే ఒక రసీదు ఇస్తుంది. అందులో ARN అనే దరఖాస్తు నంబరు, ఎంత కట్టారో, ఏ రోజు ఏ టైముకి రమ్మన్నారో ఉంటాయి. ఆ కాగితం ప్రింటు అడగండి. సెంటర్ వాళ్లు సొంతంగా కొట్టిచ్చే బిల్లు వేరు, ఈ రసీదు వేరు. "వాట్సాప్‌లో పంపుతాలే" అని దాటేస్తే, పంపేదాకా కుర్చీలోంచి లేవకండి.

ఇంట్లో పెద్దవాళ్లకు, పసిపిల్లలకు చేయించేటప్పుడు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. 60 దాటినవాళ్లకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్ట్ మామూలు పద్ధతిలో తీస్తే ఫీజులో పది శాతం తగ్గింపు ఉంది. కొడుకు దగ్గరికి వెళ్లే అమ్మకి 1350, ఆరేళ్ల పాపకి 900. ఆ తగ్గింపు వెబ్‌సైట్ తనంతట తనే వేస్తుంది. అది మీ దాకా వచ్చిందో, మధ్యలోనే ఆగిందో తెలియాలన్నా ఆ రసీదే చూడాలి.

[తెర మీద: "స్లాట్ 700"]

స్లాట్ అంటే అపాయింట్‌మెంట్. దీనికి విడిగా ఫీజు లేదు, ఆ 1500లోనే ఉంది. శ్రీకాకుళంలో పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, విశాఖలో పెద్ద సేవా కేంద్రం ఉంది. రెండింటికీ ఖాళీలు ఒకే వెబ్‌సైట్‌లో అందరికీ ఒకేలా కనిపిస్తాయి. "మాకు లోపల మనిషి ఉన్నాడు, దగ్గర తేదీ ఇప్పిస్తాం" అంటే మీకు కూడా కనిపించే తేదీనే మీకు అమ్ముతున్నారని అర్థం.

అసలు దెబ్బ తగిలేది తేదీ మార్చుకోవాల్సి వచ్చినప్పుడు. ఆ రోజు జ్వరమొచ్చింది, వెళ్లలేకపోయారు. కట్టిన ఫీజు ఏడాది దాకా చెల్లుతుంది. తేదీ ఇన్నిసార్లే మార్చుకోవచ్చన్న పరిమితి దాటనంతవరకు, మళ్లీ డబ్బు కట్టకుండానే కొత్త తేదీ తీసుకోవచ్చు. కానీ అది దరఖాస్తు పెట్టిన లాగిన్‌లోంచే చేయాలి. లాగిన్ మీ మెయిల్‌తో కాకుండా సెంటర్ వాళ్ల మెయిల్‌తో ఉంటే, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉన్నట్టు. "ఫీజు పోయింది, కొత్తగా కట్టాలి" అంటే మీరు నమ్మక తప్పదు.

అందుకే ఎవరితో చేయించినా సరే, రెండే పట్టుదలలు ఉండాలి: మెయిల్ మీది, మొబైల్ నంబరు మీది. మెయిల్ లేకపోతే అక్కడే కూర్చుని తెరవండి, పది నిమిషాల పని.

[తెర మీద: "పోలీస్ 1000"]

నాకు అన్నిటికంటే ఒళ్లు మండే లైను ఇది. పోలీస్ వెరిఫికేషన్‌కి దరఖాస్తుదారు కట్టాల్సిన ఫీజు అంటూ లేదు. సున్నా. పైగా ఈ వెయ్యి తీసుకున్న సెంటరుకి ఆ పని చేసే వీలే లేదు, ఎందుకంటే వెరిఫికేషన్ మీ ఫోన్ నంబరుకి, మీ ఇంటి అడ్రసుకి వస్తుంది. కానిస్టేబుల్ అడిగితే చూపించాల్సింది మీరు, సంతకం పెట్టాల్సింది మీరు.

ఇక్కడ చాలామందికి కేసు చిక్కుబడేది డబ్బు దగ్గర కాదు, అడ్రసు దగ్గర. మన కుర్రాడు కంచిలిలో ఉంటున్నాడా, హైదరాబాద్‌లో పనిచేస్తూ పండక్కి ఇంటికొచ్చాడా? ఫామ్‌లో ప్రస్తుత చిరునామా దగ్గర ఏది రాస్తే వెరిఫికేషన్ అక్కడికే వెళ్తుంది. ఏజెంట్ ఆధార్ చూసి ఊరి అడ్రసు కొట్టేస్తాడు, పోలీసులు వచ్చేసరికి మనిషి ఉండడు, రిపోర్టు వ్యతిరేకంగా పోతుంది. పాలకొండ, పార్వతీపురం వైపు వాళ్లు ఇంకో సంగతి చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. పాత అలవాటు కొద్దీ శ్రీకాకుళం అనో విజయనగరం అనో జిల్లా కొట్టేస్తుంటారు. సబ్మిట్ నొక్కే ముందు జిల్లా, పోలీస్ స్టేషన్ పేర్లు మీ కళ్లతో చదవండి.

[తెర మీద: "ఫామ్, ఫోటోలు 800"]

ఫోటోల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. పెద్దవాళ్లకు ఫోటో కౌంటర్ దగ్గరే తీస్తారు, వేలిముద్రలూ అక్కడే. మీరు ప్రింటు తీసుకెళ్లక్కర్లేదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో పట్టుకెళ్లాలి.

ఫామ్ నింపడం నిజంగా పనే. అరగంట కూర్చుని, స్పెల్లింగులు చూసి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, ప్రింటు తీసిచ్చినవాళ్లు రెండు మూడు వందలు తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కరెంటు, నెట్టు, ప్రింటరు ఎవరికీ ఊరికే రావు. కొలత కావాలంటే ఒకటుంది: కామన్ సర్వీస్ సెంటర్లలో ఈ సేవ మొదలుపెట్టినప్పుడు ఫామ్ నింపి, ఫీజు కట్టి, అపాయింట్‌మెంట్ ఇచ్చేదాకా అంతటికీ పెట్టిన సర్వీస్ ఛార్జీ ₹100.

అంటే మన కుర్రాడికి 1500కి ఇంకో వందో, మూడొందలో కలుపుకుంటే సరిపోవాలి.

[తెర మీద: ఫామ్‌లో Non-ECR ప్రశ్న]

ఆ మూడొందలు ఇచ్చేటప్పుడు ఏం పని చేయించుకోవాలో చూడండి. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఫామ్‌లో అన్నిటికంటే ఖరీదైన ప్రశ్న ఇదే, Non-ECR, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్ట్. పదో తరగతి పాసైనవాళ్లకు దీనికి అర్హత ఉంది. మన కుర్రాడు టెన్త్ పాస్. ఏజెంట్ హడావిడిలో 'లేదు' అని కొట్టి, టెన్త్ మెమో కూడా పెట్టకపోతే, పాస్‌పోర్ట్ ECRగా వస్తుంది. అప్పుడు ఉద్యోగం మీద గల్ఫ్ లాంటి 18 దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ మీద ఆ ECR తీయించుకోవాలంటే రీ-ఇష్యూ, మళ్లీ ₹1500, మళ్లీ తిరుగుడు. ఒక్క క్లిక్కుకి ఇంత. టెన్త్ మెమో ఒరిజినల్ అపాయింట్‌మెంట్ రోజు చేతిలో ఉండాలి, పుట్టినతేదీకీ అదే పనికొస్తుంది.

[తెర మీద: Tatkaal]

తత్కాల్ పేరు చెప్పి తీసుకునే డబ్బు విషయం వేరే చెప్పాలి. తత్కాల్‌కి అదనంగా ₹2000, అంటే 36 పేజీలకు మొత్తం 3500. కానీ ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు కట్టేది మామూలు 1500 మాత్రమే. మిగతా 2000 సేవా కేంద్రంలో, మీ దరఖాస్తును తత్కాల్ కింద తీసుకున్నాక కడతారు. ఏజెంట్ ముందే 3500 తీసుకుని "అంతా కట్టేశాం" అంటే, మీరు విశాఖ వెళ్లాక కౌంటర్‌లో మళ్లీ రెండు వేలు అడుగుతారు. జేబులో డబ్బు లేక తెల్లముఖం వేసే సన్నివేశం ఇదే. కౌంటర్‌లో అడగలేదంటే మీ దరఖాస్తు మామూలు పద్ధతిలోనే వెళ్తోందన్నమాట.

[తెర మీద: sarathi.parivahan.gov.in]

డ్రైవింగ్ లైసెన్సు గురించి కొంచెం. ఎల్‌ఎల్‌ఆర్‌కి బండి రకానికి 150, దాని పరీక్షకు 50, తర్వాత డ్రైవింగ్ టెస్టుకి బండి రకానికి 300, లైసెన్సుకి 200. ఇవి కేంద్రం పెట్టిన ఫీజులు. వీటి మీద రాష్ట్రం సర్వీస్ ఛార్జీలు కలుస్తాయి, రసీదులో విడివిడిగా ఉంటాయి. కారు నేర్పినందుకు డ్రైవింగ్ స్కూలు తీసుకునేది న్యాయమైన డబ్బే, అయితే దాన్ని లైసెన్సు ఫీజుతో కలిపి ఒకే అంకె చెబితే విడదీసి రాయమనండి. "టెస్టుకి రానక్కర్లేదు" అన్న ప్యాకేజీ జోలికి మాత్రం వెళ్లకండి.

[తెర మీద: emigrate.gov.in]

వీసాలో లెక్క మూడు పొరలు. ఆ దేశం తీసుకునే వీసా ఫీజు, దరఖాస్తులు తీసుకునే సంస్థ సర్వీస్ ఛార్జీ, ఆపైన ఏజెంట్ వాటా. మొదటి రెండిటికీ రసీదు వస్తుంది. మూడోది బేరం.

కానీ మన జిల్లాలో చాలామందికి వీసా అంటే ఉద్యోగం వీసా. అక్కడ మీరు కలిసేది ట్రావెల్ ఏజెంట్‌ని కాదు, రిక్రూటింగ్ ఏజెంట్‌ని. అతనికి విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, మీ దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా ₹30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. ఊళ్లోకి వచ్చి లక్ష అడిగే మనిషి "నేను ఫలానా కంపెనీ తరఫున" అంటాడు. సబ్ ఏజెంట్ అనే లైసెన్సు అసలు లేదు. emigrate.gov.inలో ఆ కంపెనీ పేరు వెతికి, లైసెన్సు ఇప్పుడు చెల్లుతోందో లేదో చూసి, డబ్బు ఆ కంపెనీ ఖాతాకే వేసి రసీదు తీసుకోండి.

చివరిగా వెబ్‌సైట్ పేరు. పాస్‌పోర్ట్‌కి passportindia.gov.in. గూగుల్‌లో వెతికితే ఇంచుమించు ఇదే పేరుతో .org, .com సైట్లు వస్తాయి, ఫామ్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, డబ్బూ తీసుకుంటాయి. చివర gov.in లేకపోతే కార్డు నంబరు కొట్టకండి. సెంటర్‌లో చేయిస్తుంటే మానిటర్ మీవైపు తిప్పమని, పైనున్న అడ్రసు మీరే చదవండి. అనుమానం వస్తే పాస్‌పోర్ట్ సేవ టోల్‌ఫ్రీ నంబరు 1800-258-1800.