కాలు అంటే చాలు అని పడింది: కంటి చూపుతో తెలుగు టైపింగ్

(విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను స్పీచ్ థెరపీ చేస్తాను. మాట పోయి, చేతులు కూడా కదలని వాళ్ళ ఇళ్ళకు వెళ్తుంటాను. ఈరోజు ఒకే ఇంటి సంగతి చెప్తాను. గాజువాకలో ఒక పెద్దాయన. మోటార్ న్యూరాన్ జబ్బు. చేతులు, కాళ్ళు, గొంతు అన్నీ పోయినా, ఈ జబ్బులో కంటి కదలిక చాలామందికి చివరి దాకా నిలుస్తుంది. అందుకే ఆయనకు కంటి చూపుతో టైప్ చేసే పరికరం పెట్టాం.

పరికరం అంటే స్క్రీన్ కింద అతికించే సన్నటి పట్టీ. అందులో మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేసే చిన్న దీపాలు, ఒక కెమెరా ఉంటాయి. ఆ వెలుగు కంటి నల్లగుడ్డు మీద చిన్న చుక్కలా మెరుస్తుంది. కన్ను కదిలితే కంటిపాప కదులుతుంది కానీ ఆ మెరుపు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రెండిటి మధ్య దూరం, దిక్కు చూసి, మనిషి స్క్రీన్ మీద ఎక్కడ చూస్తున్నాడో లెక్క కడుతుంది. ఎవరి కన్ను వారిది కాబట్టి ముందుగా స్క్రీన్ మీద ఐదో తొమ్మిదో చుక్కలు చూపించి, ఒక్కొక్కదాన్నీ చూడమంటుంది. అదే క్యాలిబ్రేషన్.

ఈ లెక్క ఎంత బాగా కుదిరినా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తేడా ఉంటుంది. 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే స్క్రీన్ మీద ఒక డిగ్రీ అంటే సుమారు ఒక సెంటీమీటరు. కాబట్టి ఫోన్‌లో ఉండేంత చిన్న అక్షరాలు పెడితే చూపు దేని మీద ఉందో తేలదు. ఇక్కడే తెలుగుకు చిక్కొస్తుంది. ఇంగ్లీషుకు 26 గడులు చాలు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ ఒకే స్క్రీన్ మీద పెడితే గడులు చిన్నవైపోతాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయొచ్చు కదా అంటారు. ఆ పెద్దాయనకు ఆ అలవాటు లేదు.

అందుకని 15.6 అంగుళాల లాప్‌టాప్ మీద బడిలో పలక మీద రాసుకున్న వరసలోనే అక్షరాలు పెట్టాం. ఎడమవైపు క వర్గం, దాని కింద చ, ట, త, ప వర్గాలు, అట్టడుగున య ర ల వ శ. మిగతావి కుడిపక్కన. ఒక హల్లును చూపుతో ఎంచుకోగానే స్క్రీన్ అంతా మారి, ఆ అక్షరం గుణింతం పొల్లుతో సహా పెద్ద పెద్ద గడుల్లో వస్తుంది. అందులో ఒకటి చూడాలి. ఆ స్క్రీన్ ఎత్తు 19 సెంటీమీటర్ల పైచిలుకు. రాసిన మాటలు కనబడే చోటు పోను, ఒక్కో వరసకు 2.7 సెంటీమీటర్లు మిగిలింది.

ఇక నొక్కడం ఎలా? గడి మీద చూపు కాసేపు నిలిపితే చాలు, నొక్కినట్టే. ఆ 'కాసేపు'నే డ్వెల్ టైమ్ అంటారు. అది మరీ తక్కువైతే భస్మాసురుడి చెయ్యి లాగా, చూపు పడినదల్లా టైప్ అయిపోతుంది. 1990లో రాబర్ట్ జాకబ్ అనే పరిశోధకుడు ఈ ఇబ్బందికి గ్రీకు కథలో ముట్టుకున్నదల్లా బంగారమైపోయే మైడాస్ రాజు పేరు పెట్టాడు. మనిషికి చూడటానికీ, వెతకడానికీ, ఆలోచించడానికీ ఉన్నది ఒకే కన్ను చూపు. అది ప్రతిసారీ ఆజ్ఞ అయిపోతే ఎలా? అందుకే ఒక మూలన ఏమీ లేని ఖాళీ గడి తప్పకుండా ఉంచాలి. కన్ను విశ్రాంతి తీసుకునే చోటు అది.

మొదట ఒక సెకను పెట్టాం. "కాలు నొప్పి" రాయాలంటే క, దీర్ఘం, ల, కొమ్ము, ఖాళీ, తర్వాత నొప్పికి ఆరు. మొత్తం పదకొండు చూపులు. వెతుక్కోవడానికి ఒక్కో చూపుకు అర సెకను కలిపితే పదహారు, పదిహేడు సెకన్లు. డ్వెల్ టైమ్‌ను 0.6 సెకన్లకు తగ్గించినా పన్నెండు సెకన్లు పడుతుంది, ఎందుకంటే వెతుకులాట తగ్గదు. అందుకే తొందరపడి తగ్గించకూడదు. వరుసగా రెండు రోజులు తప్పుల్లేకుండా రాస్తేనే 0.1 సెకను తగ్గించాలి. ఒకే అక్షరం రెండేసి సార్లు పడుతోందంటే ఎక్కువ తగ్గించేశామని అర్థం.

పది రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒక సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేశారు. "బాబూ, నాలుగు ముద్దలు తినగానే చాలు అంటున్నారు. సగం కూడా తినటం లేదు." నేను వెళ్ళేసరికి పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, అందులో దీపాల మెరుపు కెమెరాకు దొరకదు. స్క్రీన్ మీద చూపు చుక్క అటూ ఇటూ గెంతుతోంది. కర్టెన్ వేయించాను, మొహానికి నేరుగా కొడుతున్న ఫ్యాన్‌ను తగ్గించాను, ఎందుకంటే కన్ను ఆరిపోతే మెరుపు చెదిరిపోతుంది. చుక్క నిలకడగా నిలబడింది. కానీ "చాలు" మాత్రం మారలేదు.

అప్పుడు ఆ మాటనే తేరిపార చూశాను. చాలు. చ గడి సరిగ్గా క గడి కిందే ఉంది! ఆయన రాస్తున్నది కాలు. ముద్ద పెట్టేటప్పుడు మంచం వాల్చే తీరులో కాలు మెలిపడి నొప్పి పెడుతోంది.

క మారినా ల ఎందుకు మారలేదు? ల ఉన్నది అట్టడుగు వరస. చూపు అంచు దాటినా సాఫ్ట్‌వేర్ దాన్ని దగ్గరి గడికే లెక్కేస్తుంది. గుణింతం గడులు పెద్దవి కాబట్టి వాటికీ ఏమీ కాలేదు. అనుమానం తీరడానికి "తల" రాయమన్నాను. "పల" అని పడింది. త కింద ప. తప్పు అన్నిసార్లూ ఒకే దిక్కుకు, ఒక వరస కిందికి పోతోంది. 2.7 సెంటీమీటర్ల గడిలో నడి మధ్య చూసినా, ఒకటిన్నర సెంటీమీటరు జారితే చాలు, కింది గడిలో పడిపోతుంది.

తప్పులు నలువైపులా చెదిరితే వెలుగో, కన్నో, కళ్ళజోడో చూడాలి. అన్నీ ఒకే దిక్కుకు పోతే మనిషి కూర్చున్న తీరు చూడాలి. ఆయన విషయంలో జరిగింది రెండోది. రోజంతా దిండు మీద నుంచి కొద్ది కొద్దిగా కిందికి జారారు, తల ఒక పక్కకు ఒరిగింది. పొద్దున చేసిన క్యాలిబ్రేషన్ సాయంత్రానికి పనికిరాకుండా పోయింది. పైకి జరిపి కూర్చోబెట్టి, మళ్ళీ క్యాలిబ్రేషన్ చేసి, రాయమన్నాను. కాలు అని పడింది. ఆవిడ అది చదివి, ఏమీ మాట్లాడకుండా ముందు ఆయన కాలు సరిచేశారు.

ఇప్పుడు ఆ ఇంట్లో స్టాండుకు 60 సెంటీమీటర్ల పురికొస ఒకటి కట్టి ఉంటుంది. పొద్దునా సాయంత్రం ఆవిడ దాన్ని లాగి ఆయన నుదుటికి ఆనిస్తారు. దిండు కవరు మీద తల ఉండాల్సిన చోట గుర్తు కుట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన రోజూ "కాకి" అని రాస్తారు. చాచి అని పడితే క్యాలిబ్రేషన్ మళ్ళీ చేయాలని ఆవిడకు తెలిసిపోతుంది.

ఫోన్‌తో కుదరదా అని చాలామంది అడుగుతున్నారు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్‌లో, ఐప్యాడ్‌లో ముందు కెమెరాతోనే చూపును పట్టే వీలుంది. పెద్ద బటన్లకు పనికొస్తుంది. ఇలాంటి తెలుగు పలకకు ఐప్యాడ్ లాంటి పెద్ద స్క్రీనైనా ఉండాలి. కరెంటు పోయినప్పటికీ, రాత్రిళ్ళకీ మాత్రం ఆవిడ దగ్గర పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఉంది, దాని మీద వర్గాలు మార్కర్‌తో రాసి ఉన్నాయి. దాన్ని ఇద్దరి మధ్య పట్టుకుని ఆయన చూపు ఎటు పోతోందో ఆవిడే చదువుతారు. పరికరం కొనే ముందు ప్రతి ఇంట్లోనూ వారం రోజులు ఈ షీటు వాడమంటాను. కన్ను పైకీ కిందికీ కదులుతూ పక్కలకు కదలకపోతే అక్కడే బయటపడుతుంది. అలాంటివాళ్ళకు ఈ గడుల పలక పనికిరాదు.

లాప్‌టాప్ ఈ బల్ల మీద ఉంది. బైఫోకల్ కళ్ళజోడు ఉన్నవాళ్ళు ముందు రండి. జోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి "కాకి" రాయండి. తేడా మీకే కనబడుతుంది.