అధ్వాన్నమైన ఇరవై బ్రాంచీలు ఎలా బాగుపడ్డాయి?

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క స్లైడ్ గురించే మాట్లాడుకుందాం. ఏ మీటింగులోనైనా సునాయాసంగా నెగ్గే స్లైడ్ అది.

ఒక కంపెనీకి 120 బ్రాంచీలు ఉన్నాయనుకోండి. మార్చిలో కస్టమర్ల ఫిర్యాదులు అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన 20 బ్రాంచీలను ఎంచి, ఏప్రిల్‌లో సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. ఆ ఇరవైలో ఒక్కో బ్రాంచికి మార్చిలో సగటున 48 ఫిర్యాదులు వస్తే, జూన్‌లో 36 వచ్చాయి. "25 శాతం తగ్గుదల, మిగతా వందకూ శిక్షణ ఇద్దాం, బడ్జెట్ ఇవ్వండి" అన్నది ప్రతిపాదన. లెక్కలో తప్పేమీ లేదు, ఎవరూ అబద్ధమాడలేదు. చిక్కంతా ఆ ఇరవైని ఎంచిన తీరులో ఉంది.

ఒక నెల ఫిర్యాదుల్లో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి ఆ బ్రాంచి అసలు పనితీరు. రెండోది ఆ నెల పరిస్థితి: సర్వర్ పడిపోవడం, ఇద్దరు ఒకేసారి సెలవు పెట్టడం, ఒకే కస్టమర్ పదిసార్లు రాయడం. మార్చి అంకెను బట్టి అట్టడుగు ఇరవైని ఏరితే, నిజంగా పని బాగాలేనివాటితో పాటు ఆ నెల కలిసిరాని బ్రాంచీలు కూడా అందులో చేరతాయి. జూన్‌కు పనితీరు పెద్దగా మారకపోవచ్చు గానీ ఆ దురదృష్టం అలాగే కొనసాగదు. కాబట్టి శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా సగటు దిగుతుంది. దీన్నే గణాంక శాస్త్రంలో సగటు వైపు తిరోగమనం అంటారు. తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులను పోల్చి 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ దీన్ని వివరించాడు.

చదువుకున్నవాళ్లకు ఇది తెలియదా అంటారేమో. 1933లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హొరేస్ సెక్రిస్ట్ ఇదే గోతిలో పడ్డాడు. వ్యాపార సంస్థలను మొదటి ఏడాది ఫలితాలను బట్టి వర్గాలుగా విడదీసి, పైవాళ్లు దిగుతున్నారు, కిందివాళ్లు ఎక్కుతున్నారు, పోటీ అందర్నీ మధ్యస్థం చేస్తోందని పెద్ద పుస్తకమే రాశాడు. దాన్ని సమీక్షించిన హెరాల్డ్ హోటెల్లింగ్, అవే సంస్థలను చివరి ఏడాది ఫలితాలను బట్టి విడదీస్తే కథ తలకిందులవుతుందని ఎత్తిచూపాడు.

మన స్లైడ్‌కూ ఆ పరీక్ష పెట్టండి. జూన్‌లో అధ్వాన్నంగా ఉన్న 20 బ్రాంచీలను ఏరి, వాటి మార్చి అంకెలు చూడండి. సగటున మార్చిలో తక్కువే ఉంటాయి. వాటిని ఎవరు పాడుచేశారు? ఎవరూ లేరు.

అయితే శిక్షణ వల్ల ఎంత తగ్గిందో తేల్చేదెలా? శిక్షణ లేని నిరుటి షీట్ తెరవండి. 120 బ్రాంచీల మార్చి అంకెలు B నిలువు వరుసలో, జూన్ అంకెలు C నిలువు వరుసలో పెట్టి ఎక్సెల్‌లో ఇది టైప్ చేయండి:

```
=FORECAST(48,C2:C121,B2:B121)
```

మార్చిలో 48 వచ్చిన బ్రాంచికి, ఎవరూ ఏమీ చేయకపోయినా, జూన్‌లో సగటున ఎన్ని వస్తాయో ఇది చెబుతుంది. జవాబు 39 వచ్చిందనుకుందాం. అంటే 12 తగ్గుదలలో 9 ఎలాగూ వచ్చేవే. శిక్షణ ఖాతాలో వేయదగింది మహా అయితే 3. ఈ ఏడాది జూన్ అంకెలను మాత్రం ఈ సూత్రంలో వాడకండి, శిక్షణ ప్రభావం వాటిలో కలిసిపోయి ఉంటుంది. అలాగే ఈ ఏడాది మొత్తం కంపెనీలోనే ఫిర్యాదులు పెరిగాయా తగ్గాయా అన్నది విడిగా చూసుకోవాలి.

ఆ 3 అయినా నిజమేనా? శిక్షణ లేని ఇతర నెలల జతల మీద, జనవరి-ఏప్రిల్, జూలై-అక్టోబర్ లాంటివాటి మీద, ఇదే లెక్క వేయండి. అంచనాకూ అసలుకూ మధ్య మూడు, నాలుగు తేడా ఊరికే వస్తూ ఉంటే, ఈ 3 దేనికీ రుజువు కాదు. శిక్షణ పనికిరాదని కూడా దీని అర్థం కాదు. ఈ స్లైడ్ ఆ సంగతి తేల్చలేదు, అంతే.

అన్ని ప్రతిపాదనల మీదా ఈ అస్త్రం వేయకండి. బ్రాంచీలను జిల్లాను బట్టో, మేనేజర్ల ఇష్టాన్ని బట్టో ఎంచి ఉంటే ఈ అభ్యంతరం సాధారణంగా నిలవదు, వేరే అభ్యంతరాలు వెతుక్కోవాలి. ఒక్క నెల కాకుండా పన్నెండు నెలల సగటును బట్టి ఎంచి, ఆ సగటుతోనే పోల్చితే నెలవారీ ఒడిదుడుకులు చాలావరకు సర్దుకుంటాయి, ఈ దోషమూ చిన్నదవుతుంది.

ఇంకా శిక్షణ మొదలు కాకపోతే పని మరీ తేలిక. అధ్వాన్నమైన 40 బ్రాంచీలు తీసుకుని, చీటీలు వేసి, ఇరవైకి ఇప్పుడు, ఇరవైకి మూడు నెలల తర్వాత శిక్షణ పెట్టండి. దురదృష్టం రెండు జట్లలోనూ దాదాపు సమానంగా పడుతుంది కనుక జూన్‌లో ఒక జట్టును రెండో జట్టుతో పోలిస్తే చాలు. "మమ్మల్ని ఎందుకు ఆపారు" అని రెండో జట్టు మేనేజర్లు తప్పకుండా అడుగుతారు. శిక్షకులు ఎలాగూ నలభై చోట్లకు ఒకేసారి వెళ్లలేరని, మీ వంతు జూలైలో అని చెప్పండి.