కుస్మాల్, చేన్-స్టోక్స్: రెస్పిరేటరీ సెంటర్ దెబ్బతిన్నది ఎందులో?

"డాక్టర్ గారూ, కుస్మాల్ శ్వాసలో రెస్పిరేటరీ సెంటర్ బాగా పనిచేస్తున్నట్టు, చేన్-స్టోక్స్‌లో అది దెబ్బతిన్నట్టు అని గుర్తుపెట్టుకున్నాను. పరీక్షలో ఇలా రాసేయొచ్చా?" నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి పంపిన ప్రశ్న ఇది.

మొదటి సగం రాయమ్మా. రెండో సగం కొట్టేయి. చేన్-స్టోక్స్ శ్వాస ఉన్న చాలామందిలో, ముఖ్యంగా గుండె పంపింగ్ తగ్గినవాళ్లలో, ఆ సెంటర్ చురుగ్గానే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువ చురుగ్గా ఉంటుంది. తేడా ఎక్కడొచ్చిందంటే, దానికి కబురు ఆలస్యంగా అందుతోంది. అదెలాగో ఈరోజు నిదానంగా చూద్దాం.

ఊపిరిని నడిపించే ఈ సెంటర్ ఉండేది మెదడు అడుగున ఉన్న మెడుల్లాలో. ఎంత గాలి కావాలో అది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి తేల్చుకుంటుంది. దానికి కబురు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి మెడుల్లా దగ్గరే ఉన్న కణాలు. ఇవి మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ఆమ్లం ఎంతుందో చూస్తాయి. రెండోది కెరోటిడ్ బాడీ. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట, బియ్యపుగింజంత ఉంటుంది. ఇది అటుగా పోతున్న రక్తాన్నే నేరుగా పరీక్షిస్తుంది: ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, ఆమ్లం ఎంత అని.

ఇప్పుడు కుస్మాల్ శ్వాస ఉన్న ఒక కేసు తీసుకుందాం. పంతొమ్మిదేళ్ల అమ్మాయి, టైప్ 1 డయాబెటిస్. వాంతులవుతున్నాయి, ఏమీ తినట్లేదు కదా అని ఇన్సులిన్ ఆపేశారు. క్యాజువాలిటీకి తీసుకొచ్చేసరికి నిమిషానికి ఇరవై ఎనిమిది సార్లు ఊపిరి తీస్తోంది. సంఖ్యకన్నా లోతు చూడండి: ప్రతి శ్వాసకీ ఛాతీ మొత్తం పైకి లేస్తోంది, మెడ కండరాలు బిగుసుకుంటున్నాయి, మధ్యలో ఒక్క విరామం కూడా లేదు. స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రం. ఆక్సిజన్ సాచురేషన్ 99. మాస్క్ పెట్టినా ఊపిరి తీరు మారదు. మారకపోవడమే ఇక్కడ క్లూ, ఎందుకంటే ఆ అమ్మాయి పరుగు ఆక్సిజన్ కోసం కాదు.

బ్లడ్ గ్యాస్ రిపోర్టులో పీహెచ్ 7.17, బైకార్బొనేట్ 6, కార్బన్ డయాక్సైడ్ 17 వచ్చాయి. మామూలుగా బైకార్బొనేట్ 24, కార్బన్ డయాక్సైడ్ 40 చుట్టూ ఉండాలి. కీటోన్ ఆమ్లాలు బైకార్బొనేట్‌ను తినేశాయి. ఒంట్లో ఆమ్లం పెరిగితే శరీరం వెంటనే చేయగలిగింది ఒకటే, కార్బన్ డయాక్సైడ్‌ను ఊది బయటికి పంపేయడం. అయితే ఎంతవరకు? దానికి ఒక లెక్క ఉంది:

PaCO2 = 1.5 × HCO3 + 8 (± 2)

ఆరుని ఒకటిన్నరతో గుణిస్తే తొమ్మిది, ఎనిమిది కలిపితే పదిహేడు. ఆ అమ్మాయి రిపోర్టులోనూ సరిగ్గా పదిహేడే ఉంది. అంటే ఆమె రెస్పిరేటరీ సెంటర్ ఎంత ఊదాలో అంతే ఊదిస్తోంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇంత తీవ్రమైన జబ్బులో ఇంత కచ్చితంగా పనిచేయడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లోతుగా ఎందుకు, గబగబా పైపైన తీస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ప్రతి శ్వాసలో దాదాపు 150 మిల్లీలీటర్లు గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఆగిపోతాయి, రక్తం దాకా చేరవు. నిమిషానికి నలభైసార్లు 300 చొప్పున తీస్తే మొత్తం 12 లీటర్లు, అందులో పనికొచ్చేది 6. అదే 12 లీటర్లను వెయ్యేసి చొప్పున పన్నెండుసార్లుగా తీస్తే పనికొచ్చేది 10 లీటర్లు దాటుతుంది. అందుకే ఆమ్లం తీవ్రమయ్యేకొద్దీ శ్వాస లోతవుతుంది. 1874లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ డయాబెటిక్ కోమాలో ఉన్న రోగుల్లో ఈ పెద్ద శ్వాసనే గమనించి రాశాడు. గాలి ధారాళంగా లోపలికీ బయటికీ ఆడుతోంది, అయినా మనిషి గాలి కోసం తపిస్తున్నట్టుంది. ఆయన్ని కలవరపెట్టింది అదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. రక్తంలోని ఆమ్లం మెదడు ద్రవంలోకి తొందరగా దూరలేదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఇట్టే దూరిపోతుంది. కాబట్టి ముందు అలారం కొట్టేది కెరోటిడ్ బాడీ. అది కొట్టగానే ఊపిరి పెరిగి కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు ద్రవంలో కూడా తగ్గుతుంది. దాంతో మెడుల్లా కణాలకు "ఆమ్లం తక్కువైందే" అనిపించి కాస్త బ్రేక్ వేస్తాయి. ఆ తర్వాత గంటలు గడిచేకొద్దీ మెదడు ద్రవంలో కూడా బైకార్బొనేట్ తగ్గుతుంది, బ్రేక్ సడలుతుంది. పూర్తి స్థాయి ఊపిరి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టేది ఇందుకే. వైద్యం మొదలై రక్తంలో ఆమ్లం తగ్గాక కూడా రోగి కొన్ని గంటలపాటు గట్టిగా ఊపిరి తీస్తూ ఉంటే దానికీ కారణం ఇదే.

ఈ కేసులో ప్రమాదం ఎక్కడుందో చెప్తాను, ఇది మాత్రం వదలకుండా వినండి. రెండు గంటల తర్వాత ఆ అమ్మాయి ఊపిరి "కుదుటపడింది", ప్రశాంతంగా ఉంది అనుకోండి. గ్యాస్ మళ్లీ చేస్తే బైకార్బొనేట్ ఇంకా 6 దగ్గరే ఉంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం 28కి వచ్చింది. 28 అంటే మామూలు మనిషికి తక్కువే. కానీ ఈమెకు ఉండాల్సింది 17. పీహెచ్ 6.95కి పడిపోతుంది. ఆమె కుదుటపడలేదు, అలసిపోయింది. మత్తు ఇచ్చినా ఇదే జరుగుతుంది. ట్యూబ్ వేసి వెంటిలేటర్‌ను మామూలు సెట్టింగుల్లో పెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను 40కి తెస్తే పీహెచ్ 6.8. అక్కడ గుండె ఆగిపోవచ్చు. ఇలాంటి ఊపిరిని ఆపడానికి ప్రయత్నించకూడదు. ఫ్లూయిడ్స్, ఇన్సులిన్, పొటాషియం చూసుకుంటూ ఆమ్లాన్ని తగ్గిస్తే ఊపిరి తనంతట తనే తగ్గుతుంది.

సరే, ఇప్పుడు చేన్-స్టోక్స్ శ్వాస ఉన్న రెండో మనిషి దగ్గరికి వద్దాం. అరవై ఆరేళ్ల పెద్దాయన, గుండె పంపింగ్ 25 శాతం. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతోందని ఆయన భార్య ఫోన్‌లో వీడియో తీసి తెచ్చారు. అందులో దాదాపు ఇరవై సెకన్లు ఛాతీ కదలదు. తర్వాత చిన్న శ్వాస, కాస్త పెద్దది, ఇంకా పెద్దది, ఆయాసపడుతున్నంత పెద్దది. అక్కడి నుంచి మెట్లు దిగినట్టు తగ్గుతూ తగ్గుతూ మళ్లీ ఆగిపోతుంది. ఒక చక్రానికి నిమిషం దాటుతోంది. డబ్లిన్‌లో జాన్ చేన్ 1818లో రాసింది కూడా దాదాపు ఇదే: పావు నిమిషం ఊపిరి పూర్తిగా ఆగడం, మొత్తం చక్రం సుమారు ఒక నిమిషం. అదే ఊళ్లో విలియం స్టోక్స్ 1854లో దీన్ని గుండె జబ్బుతో ముడిపెట్టి వివరించాడు.

లోపల ఏం జరుగుతోందో సెకను సెకనుగా చూద్దాం. ఊపిరి ఆగింది. ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోంది. ఆ రక్తం గుండె దాటి మెడలోని కెరోటిడ్ బాడీకి చేరాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పది సెకన్లలోపే చేరుతుంది. ఈయన గుండె నీరసంగా ఉంది, ఇరవై సెకన్లకు పైనే పడుతుంది అనుకుందాం. కబురు అందేసరికే చాలా పేరుకుంది, సెంటర్ గట్టిగా ఊపిరి తీయించింది. నాలుగైదు పెద్ద శ్వాసల్లో ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయి. కానీ మెడ దగ్గరికి ఇంకా పాత రక్తమే వస్తోంది, "ఎక్కువుంది, ఎక్కువుంది" అనే చెబుతోంది. కాబట్టి ఊపిరి అవసరం తీరాక కూడా పెరుగుతూనే పోతుంది. చివరికి శుభ్రపడిన రక్తం మెడకు చేరేసరికి కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి ఉంటుంది. సెంటర్ ఆపేస్తుంది. మళ్లీ మొదటికి.

దీన్ని మీ కళ్లతో చూడాలంటే వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడండి. రోగి అన్నిటికన్నా గట్టిగా ఊపిరి తీస్తున్నప్పుడు సాచురేషన్ పడిపోతుంది, ఊపిరి ఆగి ఉన్నప్పుడు పెరుగుతుంది. తలకిందులుగా ఉంది కదా? మిషన్ తప్పు కాదు. వేలికి చేరుతున్నది కొంతసేపటి కిందటి రక్తం.

ఒక్క ఆలస్యంతోనే ఇదంతా జరగదు, అది కూడా చెప్పాలి. 1956లో గైటన్ బృందం కుక్కల్లో రక్తం మెదడుకు చేరే దారిని కృత్రిమంగా పొడిగించి చూసింది. ఇలాంటి శ్వాస వచ్చింది గానీ, అందుకు గుండె జబ్బులో ఎప్పుడూ కనిపించనంత పెద్ద ఆలస్యం కావలసి వచ్చింది. కాబట్టి మనుషుల్లో ఇంకోటి కూడా కలవాలి, అది సెంటర్ అతిస్పందన. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే అక్కడి నరాలు ఎప్పుడూ ఊపిరిని రెచ్చగొడుతుంటాయి. అందువల్ల ఈ పెద్దాయన కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే 34 దగ్గర ఉంటుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే హద్దు 32 అనుకుంటే మధ్యలో ఉన్నది రెండే మిల్లీమీటర్లు. కాస్త ఎక్కువ ఊదితే చాలు, హద్దు దాటేస్తాడు. మెలకువగా ఉన్నప్పుడు మెదడు పైభాగం ఊపిరిని నిలబెడుతుంది, కాబట్టి ఇది ఎక్కువగా నిద్రలోనే బయటపడుతుంది.

అందుకే నేను స్టాప్‌వాచ్ వాడమంటాను. ఎత్తయిన కొండల మీద పడుకున్న ఆరోగ్యవంతుడికీ ఊపిరి ఇలాగే పెరిగి తగ్గుతుంది, కానీ చక్రం ఇరవై సెకన్లు, కాస్త అటూఇటూ. అక్కడ గుండె బాగుంది, ఆలస్యం లేదు. ఆక్సిజన్ తక్కువై సెంటర్ అతిగా స్పందిస్తోంది, అంతే. గుండె నీరసించినవాళ్లలో చక్రం సాధారణంగా నలభై సెకన్లు దాటుతుంది. గుండె మెరుగుపడేకొద్దీ అది పొట్టిదవుతుంది. ఇంకో మాట, శ్వాసలను పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి. ఆగినప్పుడు మొదలుపెడితే సున్నా, ఉప్పొంగినప్పుడు మొదలుపెడితే నలభై వస్తుంది. కనీసం మూడు నిమిషాలు చూడండి.

మరి సెంటర్ నిజంగా దెబ్బతింటే ఎలా ఉంటుంది? ఒక క్రమమే ఉండదు. చిన్నదీ పెద్దదీ ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి, విరామాలకు లెక్క ఉండదు. మెడుల్లా దెబ్బతిన్నప్పుడు కనిపించేది ఆ శ్వాస. చేన్-స్టోక్స్ అల ఎంత నున్నగా ఎక్కి దిగుతుందో చూడండి, నడిపించేవాడు లేకుండా అలా రాదు. మెదడు రెండువైపులా పెద్ద స్ట్రోక్ వచ్చినవాళ్లలో కూడా చేన్-స్టోక్స్ రావచ్చు. అక్కడ పైనుంచి ఉండే అదుపు పోయి, కార్బన్ డయాక్సైడ్‌కు స్పందన పెరుగుతుంది.

ఆ పెద్దాయనకు చేయాల్సింది ముందు గుండెకు వైద్యం: ఒంట్లో నీరు తగ్గించడం, గుండె మందులు సరిచేయడం. ఊపిరినే మిషన్‌తో సరిచేస్తే పోదా అని ఒకప్పుడు అందరం ఆశపడ్డాం. నిద్రలో ఊపిరి తగ్గినప్పుడు గాలి పెంచి, పెరిగినప్పుడు తగ్గించే మిషన్ ఉంది. పేరు అడాప్టివ్ సర్వో-వెంటిలేషన్. 2015లో సర్వ్-హెచ్ఎఫ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. గుండె పంపింగ్ 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి, నిద్రలో ఇలా సెంట్రల్ ఆప్నియా ఎక్కువగా ఉన్నవాళ్ల మీద చేశారు. మిషన్ ఊపిరిని చక్కగా సరిచేసింది. కానీ మిషన్ పెట్టినవాళ్లలో గుండె జబ్బుతో మరణాలు పెరిగాయి. దాంతో అలాంటి రోగులకు ఆ మిషన్ వద్దని గైడ్‌లైన్స్ మారాయి. ఈయన లాంటివాళ్ల ఇంట్లో అది ఇప్పటికే ఉంటే, మీ అంతట మీరు ఏమీ తేల్చుకోకుండా ముందు గుండె డాక్టర్‌తో మాట్లాడండి.