బెంగళూరులో ఇల్లు చూసే ముందు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఊరు మారుతున్న కుటుంబాల కోసం చేస్తున్న ఈ కార్యక్రమంలో ఈరోజు బెంగళూరు గురించి మాట్లాడుకుందాం. హోసూరు రోడ్డు వైపు పంతొమ్మిదేళ్లుగా ఉంటూ, మనవాళ్లకు ఇళ్లు, స్కూళ్లు వెతకడంలో సాయపడుతున్న మేడమ్ మనతో ఉన్నారు. లైన్‌లో నంద్యాల నుంచి ఒక అమ్మ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మావారికి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, ఆఫీసు మెట్రో స్టేషన్ దగ్గరే. పాప ఐదో తరగతికి వెళ్తుంది. మా అత్తగారికి నిరుడు స్టెంట్ వేశారు, ఆవిడా మాతోనే వస్తారు. రెండు ఇళ్లు చూశాం. సింగసంద్రలో అద్దె 27 వేలు, హెబ్బగోడి లోపల 19 వేలు. ఎనిమిది వేలు తేడా కదా అని రెండోదానికే మొగ్గుతున్నాం.

సలహాదారు: తొందరపడకమ్మా. ముందు పాపకు ఏ స్కూలు అనుకున్నారో చెప్పు.

కాలర్: హోస రోడ్ దగ్గర ఒక సీబీఎస్ఈ స్కూల్లో సీటు ఇస్తామన్నారు. సింగసంద్ర ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు. హెబ్బగోడి నుంచి అయితే వ్యాన్, నెలకు 3,500 అడిగారు.

సలహాదారు: హెబ్బగోడి ఇంటి నుంచి స్టేషన్‌కు నడిచి చూశారా?

కాలర్: లేదండీ. రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆటోకు యాభై తీసుకున్నాడు.

సలహాదారు: రానూ పోనూ వంద. నెలకు పాతిక రోజులు వేసుకుంటే 2,500. వ్యాన్‌తో కలిపి ఆరు వేలు. మీ ఎనిమిది వేల తేడాలో ఇక మిగిలింది రెండు వేలే. మెట్రోలో మాత్రం తేడా ఏమీ లేదు. ఎల్లో లైన్‌లో ఎలక్ట్రానిక్ సిటీకి సింగసంద్ర నుంచి మూడో స్టాపు, అటు హెబ్బగోడి నుంచి కూడా మూడో స్టాపే. సరే, ఆ ఇంటికి నీళ్లు ఎక్కడివి?

కాలర్: బోరు ఉందన్నారు. నీళ్ల సమస్యే లేదన్నారు మేడమ్.

సలహాదారు: ఆ మాట నాకూ చెప్పారమ్మా, మేము మొదట దిగిన ఇంట్లో. మార్చి వచ్చేసరికి బోరు ఎండిపోయింది. పొద్దున్నే ట్యాంకర్ కోసం కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. చిన్నపిల్లతో ఆ రోజులు చాలా కష్టంగా గడిచాయి. అందుకే ఈ విషయం అడగకుండా ఎవరినీ ఇల్లు తీసుకోనివ్వను. 2024 వేసవిలో ఊరంతా ఎలా అల్లాడిందో మీరూ వార్తల్లో చూసే ఉంటారు.

కాలర్: మరి ఎలా తెలుసుకోవాలండీ?

సలహాదారు: ఓనర్‌ని అడిగితే తెలియదు. వాచ్‌మన్‌ని అడగాలి. "కావేరి నీరు ఎష్టు దినక్కొమ్మె బరుత్తె?" అనండి. అంటే కావేరి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయని. రెండు రోజులకోసారి వచ్చి, కింద సంపు పెద్దదైతే గడిచిపోతుంది. అసలు కనెక్షనే లేదంటే బోరు, ట్యాంకర్లే గతి. కనెక్షన్ ఉందంటే నీటి బోర్డు బిల్లు ఒకటి చూపించమనండి, ఉన్నవాళ్లు వెంటనే చూపిస్తారు. తర్వాత బాత్‌రూమ్ కుళాయిల మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. కట్టిందంటే ఉప్పు నీళ్లు, బోరువి. గీజర్ త్వరగా పాడవుతుంది, పప్పు సరిగ్గా ఉడకదు. అన్నిటికంటే ముఖ్యం మెయింటెనెన్స్ రసీదులు. మార్చి, ఏప్రిల్, మే నెలలవి అడగండి.

కాలర్: అవి ఉన్నాయండీ! అక్కడ ఖాళీ చేస్తున్నవాళ్లు ఫోన్‌లో పంపారు. మామూలుగా 2,500. ఏప్రిల్‌లో 5,500 ఉంది. ఎందుకో అర్థం కాలేదు.

సలహాదారు: ఆ పైన పడ్డ మూడు వేలు ట్యాంకర్ ఖర్చే అయ్యుంటుంది. ఎందుకు పెరిగిందో వాళ్లనే అడిగి ఖాయం చేసుకోండి. అదే నిజమైతే లెక్క వేయండి. హెబ్బగోడిలో అద్దె, వ్యాన్, ఆటో, మెయింటెనెన్స్ కలిపి మామూలు నెలలో 27,500, ఎండాకాలంలో 30,500. సింగసంద్రలో మెయింటెనెన్స్ ఎంత?

కాలర్: అక్కడా 2,500. కావేరి ఉందన్నారు, కానీ బిల్లు చూడలేదు.

సలహాదారు: అంటే అక్కడ 29,500. బిల్లు చూపిస్తే నేనైతే సింగసంద్రే తీసుకుంటాను. పాప నడిచి వెళ్లి నడిచి వస్తుంది, రోజూ వ్యాన్‌లో కూర్చునే సమయం మిగులుతుంది. ఒక్క జాగ్రత్త. ఇల్లు, స్కూలు హోసూరు రోడ్డుకు ఒకే పక్కన ఉన్నాయా? ఆ రోడ్డును పిల్లలు కింద నుంచి దాటకూడదు. పైన ఫ్లైఓవర్, కింద లారీలు, సర్వీస్ రోడ్డులో ఎదురొచ్చే బైకులు. ఎదురు పక్కన అయితే నడిచేవాళ్ల వంతెన మీదుగా దాటాలి. సోమవారం పొద్దున ఎనిమిదికి మీరే ఒకసారి పాప చెయ్యి పట్టుకుని నడిచి చూడండి.

యాంకర్: మెట్రో మాత్రమే నమ్ముకుని ఇల్లు తీసుకోవచ్చా మేడమ్?

సలహాదారు: ఈ లైన్ వరకు తీసుకోవచ్చు. 2025 ఆగస్టులో మొదలైనప్పుడు రైళ్లు చాలక 25 నిమిషాలకొకటి వచ్చేది, తర్వాత పెరిగాయి. సిల్క్ బోర్డు దగ్గర సాయంత్రం బస్సులో ఇరుక్కున్నవాళ్లకు ఆ రైలు విలువ తెలుస్తుంది.

కాలర్: అత్తయ్యగారి గురించి టెన్షన్‌గా ఉందండీ.

సలహాదారు: గుండె జబ్బు విషయంలో ఈ లైన్ మీకు కలిసొస్తుంది. ఒక పక్క జయదేవ, ప్రభుత్వ గుండె ఆసుపత్రి. సింగసంద్ర నుంచి ఆరో స్టాపు, స్టేషన్‌కే ఆ పేరు. ఇంకో పక్క బొమ్మసంద్రలో నారాయణ వాళ్ల పెద్ద ఆసుపత్రి. అయితే అవి చెకప్‌లకు, పెద్ద అవసరాలకు. అర్ధరాత్రి మెట్రో ఉండదు. ఇంటికి దగ్గర్లో రాత్రి కూడా డాక్టర్ ఉండి ఈసీజీ తీసే ఆసుపత్రి ఏదో, రాత్రి తొమ్మిది దాటాక వెళ్లి కళ్లారా చూసి రండి. బోర్డు మీద 24 గంటలని ఉన్నా లోపల డ్యూటీ డాక్టర్ లేని చోట్లు ఉంటాయి. నంద్యాల నుంచి డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, మందుల చీటీ చేతి సంచిలో తెచ్చుకోండి, సామాన్ల లారీలో వేయకండి.

కాలర్: పాపకు కన్నడ రాదు కదా మేడమ్?

సలహాదారు: 2015 చట్టం ప్రకారం ఇక్కడ సీబీఎస్ఈ స్కూళ్లలోనూ కన్నడ నేర్పాల్సిందే. మధ్యలో చేరిన పిల్లలకు విడిగా అక్షరాల నుంచి నేర్పుతారా, పరీక్ష ఎలా పెడతారు అని ఫీజు కట్టే ముందే అడగండి. పాపకు తెలుగు చదవడం వచ్చా?

కాలర్: బాగా వచ్చండీ.

సలహాదారు: అయితే సగం పని అయిపోయినట్టే. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలాంటివి, చాలా అక్షరాలు చూడగానే పోల్చుకుంటుంది. మాటలు కూడా అంతే. మన పాలు వాళ్లకు హాలు, పులి హులి, పువ్వు హూవు. ఈ వేసవిలో రోజూ బస్సు బోర్డులు చదివించండి. ఇంకోటి, టీసీ మీద విద్యాశాఖాధికారి సంతకం చాలా స్కూళ్లు అడుగుతాయి. నంద్యాలలో ఉండగానే చేయించుకోండి, దానికోసం మళ్లీ ప్రయాణం పెట్టుకోవద్దు.

యాంకర్: కూరగాయలు, రోజువారీ సరుకులు?

సలహాదారు: వాటికి లోటు లేదు. మడివాళ మార్కెట్లో గోంగూర దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. బస్సు సంగతి మాత్రం చెప్పాలి. మహిళలకు ఉచిత ప్రయాణం కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే. ఆధార్‌లో నంద్యాల ఉన్నంతకాలం టికెట్ కొనాలి.

కాలర్: ఆదివారం వస్తున్నాం మేడమ్, సింగసంద్ర ఇంటికి అడ్వాన్స్ ఇద్దామని.

సలహాదారు: సోమవారం దాకా ఆగమ్మా. ఆదివారం నీటి బిల్లు, కుళాయిలు చూడండి. సోమవారం ఎనిమిదికి స్కూలు దాకా నడవండి. రెండూ బాగుంటే అప్పుడు ఇవ్వండి.